కర్వ్ ఆప్టిమైజర్‌లో వోల్టేజ్ తగ్గించాను, వేడి మాత్రం 95 దగ్గరే ఉంది. ఎక్కడ పొరపాటు?

పెంట్‌హౌస్ ప్రణీత్ (కూకట్‌పల్లి)

అందరికీ నమస్కారం. మాది పై అంతస్తు. స్లాబ్ మీద పొద్దంతా ఎండ పడుతుంది, సాయంత్రం నాలుగింటికి కూడా నా గదిలో థర్మామీటర్ 36 చూపిస్తుంది. ఏసీ ఉన్నది పడకగదిలో, నేను పని చేసుకునేది హాల్లో.

సిస్టమ్ రైజెన్ 7 7700ఎక్స్, ఒకే టవర్ ఉన్న ఎయిర్ కూలర్. కోడ్ కంపైల్ చేస్తాను, వారాంతాల్లో కాస్త బ్లెండర్. లోడ్ పడగానే 95 డిగ్రీలు, ఫ్యాన్ మిక్సీలా అరుస్తుంది. వేగం తగ్గకుండా చల్లగా నడవాలంటే వోల్టేజ్ తగ్గించాలని ఎక్కడో చదివి, బయోస్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అన్ని కోర్లకూ -20 పెట్టాను. సినీబెంచ్ ఆర్23 పది నిమిషాలు నడిపితే ఇదీ లెక్క:

మార్చకముందు: 95 డిగ్రీలు, 125 వాట్లు, 5.05 గిగాహెర్ట్జ్, స్కోరు 19,100.
-20 పెట్టాక: 95 డిగ్రీలు, 124 వాట్లు, 5.2 గిగాహెర్ట్జ్, స్కోరు 19,650.

స్కోరు పెరిగింది, సంతోషమే. కానీ నేను అడిగింది అది కాదు కదా. వేడి ఒక్క డిగ్రీ కూడా తగ్గలేదు. థర్మల్ పేస్ట్ మార్చాలా? సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక షాపు అతను లిక్విడ్ కూలర్ కొనమంటున్నాడు.

---

ఓంకార్ ఓసీ

భయ్యా, -20 ఏం సరిపోతుంది. అన్నిటికీ -30 పెట్టెయ్. నా 5600ఎక్స్ ఏడాది నుంచి -30 మీదే నడుస్తోంది, సినీబెంచ్ పాస్ అయింది, అంతే. వోల్టేజ్ తగ్గితే వేడి తగ్గాల్సిందే, అది ఫిజిక్స్. నీకు తగ్గలేదంటే పేస్ట్ సరిగ్గా పడలేదు.

---

బయోస్ బాబాయ్

ప్రణీత్, కూలర్ కొనకు. పేస్ట్ కూడా ముట్టుకోకు. నీ అంకెల్లోనే జవాబు ఉంది.

ఈ చిప్‌కి దాని పాటికి వదిలేస్తే ఒకటే అలవాటు. వేడికి ఒక హద్దు, వాట్లకు ఒక హద్దు, కరెంటుకు ఒక హద్దు, గరిష్ఠ వేగానికి ఒక హద్దు ఉంటాయి. వీటిలో ఏదో ఒకటి తగిలేదాకా వేగం పెంచుతూనే పోతుంది. 7700ఎక్స్‌లో వాట్ల హద్దు, అంటే పీపీటీ, 142. వేడి హద్దు 95. నీ గదిలో, ఆ కూలర్‌తో, 142 చేరకముందే 125 దగ్గర 95 తగిలింది. నువ్వు వోల్టేజ్ తగ్గించగానే అదే వేగానికి తక్కువ వేడి పుట్టింది. అప్పుడు చిప్ ఏం చేసింది? మిగిలిన చోటులో ఇంకాస్త వేగం ఎక్కించుకుంది. షేర్ ఆటోలో ఒకరు దిగితే ఆ సీటు ఖాళీగా పోనిస్తారా? ఇదీ అంతే. 5.05 కాస్తా 5.2 అయింది, వేడి మళ్లీ 95కే వచ్చింది.

ఓంకార్ చెప్పిన ఫిజిక్స్ నిజమే, కానీ వేగం అలాగే ఉన్నప్పుడు మాత్రమే. ఇక్కడ వేగం కదిలిపోయింది. కాబట్టి నువ్వు చేసింది సగం పని. రెండో సగం, ఆ ఆటోకి సీట్లు తగ్గించడం. పీపీటీని నువ్వే కిందకి దించాలి.

ఎంతకి దించాలో కూడా నీ అంకెలే చెబుతాయి. గది 36, చిప్ 95. అంటే 125 వాట్లకి 59 డిగ్రీలు ఎక్కింది, వాట్‌కి దాదాపు 0.47. ఇప్పుడు 105 వాట్ల దగ్గర ఆపితే 49 డిగ్రీలు ఎక్కుతుంది, 36తో కలిపి 85. -20తో 105 వాట్లకి ఎంత వేగం వస్తుందో కొలిచి చూడు. నా అంచనా, పాత 5.05కి దగ్గర్లోనే ఉంటుంది.

బయోస్‌లో ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ మెనూకి వెళ్లు. అక్కడ వాట్లు వేలల్లో రాయాలి, అది గమనించు. 105 అని రాస్తే సున్నా పాయింట్ ఒకటి వాట్ అయి కూర్చుంటుంది.

```
Precision Boost Overdrive : Advanced
PBO Limits                : Manual
PPT Limit                 : 105000
TDC Limit                 : 110000
EDC Limit                 : 170000
Curve Optimizer           : All Cores
Sign                      : Negative
Magnitude                 : 20
```

కరెంటు హద్దులు రెండూ కంపెనీ పెట్టినవే, వాటిని కదపనక్కర్లేదు.

---

స్వాతి రెండర్స్

నాకు అసలు ఈ హడావిడి అర్థం కాదు. ఏడు వేల సిరీస్‌కి 95 అనేది తయారుచేసిన వాళ్లే పెట్టుకున్న హద్దు. ఆ వేడి దగ్గర ఎంతసేపైనా నడవడానికే చేశామని ఏఎండీ మొదటి రోజు నుంచే చెబుతోంది. అంకె చూసి టెన్షన్ పడటం మానేస్తే సగం సమస్య పోతుంది.

నా 7950ఎక్స్‌కి నేను చేసింది ఒక్కటే, ఎకో మోడ్ 105 వాట్లు. పేరు 105 అయినా పీపీటీ 142 అవుతుంది, మామూలుగా 230. నలభై నిమిషాల రెండర్ మూడు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే. ఒక్కో కోర్‌కి ఒక్కో అంకె పెట్టి రాత్రంతా పరీక్షించే ఓపిక నాకు లేదు. క్లయింట్‌కి ఇవ్వాల్సిన ఫైలు మధ్యలో సిస్టమ్ పడిపోతే ఆ పది డిగ్రీలు నాకెందుకు?

---

బయోస్ బాబాయ్

స్వాతి గారూ, మీ పనికి మీరు చేసిందే సరైనది. 95 వల్ల చిప్ పాడవుతుందని నేను అనను. కానీ ప్రణీత్ అడిగింది వేగం తగ్గకుండా చల్లదనం. ఎకో మోడ్ ఒక్కటే పెడితే వేగం కొంత పోతుంది. ఆ పోయిన దాన్ని వెనక్కి తెచ్చేది వోల్టేజ్ తగ్గింపు. రెండూ జంటగా ఉంటేనే అతని కోరిక తీరుతుంది.

---

లక్ష్మణ్ లాప్‌టాప్

నాదీ ఇదే సమస్య. ఇంటెల్ లాప్‌టాప్, ఒళ్లో పెట్టుకుంటే తొడ కాలుతోంది. వోల్టేజ్ తగ్గించే మీట బూడిద రంగులో ఉంది, కదలడం లేదు. కర్వ్ ఆప్టిమైజర్ ఎక్కడ ఉంటుంది?

---

బయోస్ బాబాయ్

లక్ష్మణ్ గారూ, అది రైజెన్‌లో ఉండేది, మీ దాంట్లో ఉండదు. 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా లాప్‌టాప్‌ల బయోస్‌లలో వోల్టేజ్ మార్పునే మూసేశారు. మీకు మిగిలింది వాట్ల హద్దు తగ్గించడం. వేరే థ్రెడ్ తెరవండి, అక్కడ చూద్దాం.

---

పెంట్‌హౌస్ ప్రణీత్

బాబాయ్, దండం. 105 వాట్లు, -20: 85 డిగ్రీలు, 5.05, స్కోరు 19,090. నువ్వు కాగితం మీద వేసిన లెక్క ఒక డిగ్రీ కూడా తప్పలేదు. ఫ్యాన్ శబ్దం సగం తగ్గింది, మా ఆవిడ ఏమైందని వచ్చి చూసింది.

ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. ఓంకార్ మాట విని అన్నిటికీ -30 పెట్టాను. సినీబెంచ్ అరగంట నిలబడింది, స్కోరు 19,300. ఇక అయిపోయింది అనుకున్నాను. నిన్న రాత్రి పదకొండింటికి ఏదో వీడియో చూస్తుంటే, ఏ లోడూ లేదు, టక్కున రీస్టార్ట్ అయింది. పొద్దున మళ్లీ ఒకసారి. అదే సమయంలో మా వీధిలో కరెంట్ కూడా ఒకసారి పోయి వచ్చింది. ఇన్వర్టర్ మారేటప్పుడు అప్పుడప్పుడు సిస్టమ్ పడిపోవడం మామూలే, కాబట్టి తప్పు దేనిదో తెలియడం లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో Kernel-Power 41 అని ఉంది.

---

బయోస్ బాబాయ్

41 చూసి ఏమీ తేల్చలేవు. సిస్టమ్ సక్రమంగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దాని అర్థం. ప్లగ్ పీకినా 41 వస్తుంది, ఇన్వర్టర్ ఆలస్యం చేసినా వస్తుంది, చిప్ తప్పు చేసినా వస్తుంది. దాని పక్కనే హార్డ్‌వేర్ తప్పుల్ని రాసిపెట్టే WHEA-Logger పేరుతో 18 నంబరు ఉందా చూడు. ఉంటే తప్పు మనది, లేకపోతే ముందు ఇన్వర్టర్‌ని అనుమానించు. ఒక్కోసారి చిప్ ఆ 18ని రాసే తీరిక కూడా లేకుండా పడిపోతుంది, కాబట్టి అది లేనంత మాత్రాన చిప్‌కి పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వకు.

ఉంటే లోపల Processor APIC ID అని ఒక అంకె ఉంటుంది. అది ఎంతో చెప్పు.

---

పెంట్‌హౌస్ ప్రణీత్

ఉంది. Cache Hierarchy Error, Processor APIC ID: 6. రాత్రి దానికీ, పొద్దుటి దానికీ రెండింటికీ 6నే.

---

బయోస్ బాబాయ్

అయితే ఇన్వర్టర్ నిర్దోషి. నీ చిప్‌లో ఒక్కో కోర్‌కి రెండు థ్రెడ్లు. 0, 1 మొదటి కోర్‌వి, 2, 3 రెండోదానివి, అలా పోతే 6, 7 వచ్చేది కోర్ 3కి. బయోస్ కూడా సున్నా నుంచే లెక్కపెడుతుంది కాబట్టి అక్కడ కోర్ 3నే మార్చాలి. రైజెన్ మాస్టర్ మాత్రం ఒకటి నుంచి లెక్కపెడుతుంది, దాంట్లో ఇది నాలుగోది అవుతుంది. ఇక్కడ తికమకపడి పక్క కోర్‌ని మార్చి, వారం రోజులు తల బాదుకున్న వాడిని నేనే.

ఇప్పుడు చిప్ వేగం, వేడి చూపించే HWiNFO తెరిచి కోర్ల పేర్ల పక్కన చూడు. కోర్ 3 పక్కన perf #1 అని ఉంటుందని పందెం.

---

పెంట్‌హౌస్ ప్రణీత్

ఉంది! కోర్ 3 #1, కోర్ 5 #2. అంటే అన్నిటికంటే మంచి కోర్ ముందు పడిపోయిందా? తిరగబడినట్టుంది.

---

బయోస్ బాబాయ్

తిరగబడలేదు. ఫ్యాక్టరీలోనే ఒక్కో కోర్‌కి ఏ వేగానికి ఎంత వోల్టేజ్ కావాలో విడివిడిగా రాసి పంపుతారు. మంచి కోర్ తక్కువ వోల్టేజ్‌కే పరుగెత్తుతుందని వాళ్లకి తెలుసు, కాబట్టి దానికి ముందే తక్కువ ఇచ్చారు. నువ్వు అక్కడి నుంచి మళ్లీ ముప్పై మెట్లు దించావు. ఒక్కో మెట్టు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్ట్‌లు. మొద్దు కోర్‌కి కంపెనీ ధారాళంగా పోసింది, దాని దగ్గర కోయడానికి మిగులు ఉంది. మంచి కోర్ దగ్గర లేదు.

రెండోది. నువ్వు వీడియో చూస్తున్నప్పుడు విండోస్ ఆ చిన్న పనిని తీసుకెళ్లి ఇచ్చేది మంచి కోర్‌కే. మిగతా ఏడూ కునుకు తీస్తుంటాయి, వాట్ల హద్దూ వేడి హద్దూ దరిదాపుల్లో ఉండవు, ఆ ఒక్క కోర్ క్షణంలో 5.4 దాటి దూకుతుంది. ఆ దూకుడులోనే వోల్టేజ్ చాలదు. సినీబెంచ్‌లో ఎనిమిదీ 5.05 దగ్గర నింపాదిగా నడుస్తాయి, ఆ ఎత్తుకి వెళ్లవు. అందుకే అది పాస్ అవుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు పడిపోతుంది. ఓంకార్, నీ పరీక్షకి ఇదే లోపం.

మూడోది నీకు నచ్చుతుంది. ఈ డెస్క్‌టాప్ చిప్‌లలో అన్ని కోర్లకూ వోల్టేజ్ ఒకే దారిలో వస్తుంది. అన్నీ పని చేస్తున్నప్పుడు, ఎక్కువ అడిగే కోర్ ఎంత అడిగితే అందరికీ అంతే అందుతుంది. ఆ అడిగేది సాధారణంగా మొద్దు కోరే. కాబట్టి మంచి కోర్‌కి -30 తీసేసి -8 పెట్టినా లోడ్‌లో నీ వేడి పెద్దగా మారదు. చల్లదనం వచ్చేది మొద్దు కోర్లని దించడంలో, స్థిరత్వం వచ్చేది మంచి కోర్ల జోలికి పోకపోవడంలో. అందరికీ ఒకే అంకె పెడితే ఆ రెండూ ఒకదానితో ఒకటి గొడవపడతాయి.

పరీక్షకి CoreCycler దించుకో. ఒక్కో కోర్‌నే ఒంటరిగా ప్రైమ్95తో పరుగెత్తించి, తప్పు చేసిన దాని నంబరు చెబుతుంది. config.ini ఇలా ఉంటే చాలు:

```
[General]
stressTestProgram = PRIME95
runtimePerCore = 10m
numberOfThreads = 1

[Prime95]
mode = SSE
FFTSize = Huge
```

ఎస్ఎస్ఈ ఎందుకంటే అది తేలిక పని, తేలిక పనిలోనే కోర్ ఎక్కువ ఎత్తుకి ఎగురుతుంది. మనకి కావాల్సింది ఆ ఎత్తే. ఎనిమిది కోర్లకి ఒక చుట్టు ఎనభై నిమిషాలు, రాత్రికి ఐదు చుట్లు అవుతాయి. ఇంకో మాట, పరీక్ష అయ్యేదాకా మెమరీ వేగం పెంచే ఎక్స్‌పో ఆపేయి. లేకపోతే మెమరీ చేసిన తప్పుకి కోర్‌ని శిక్షిస్తావు.

---

ఓంకార్ ఓసీ

నాది ఏడాదిగా పడలేదు బాబాయ్. ఒక్క రీస్టార్ట్ లేదు. మరి దానికేమంటారు?

---

బయోస్ బాబాయ్

నీకు మంచి చిప్ దొరికి ఉండొచ్చు. అయితే ఒక్కటి చూడు. HWiNFOలో మామూలు క్లాక్ వరసకి కాస్త కింద Effective Clock అని వేరే వరస ఉంటుంది. ఫుల్ లోడ్ ఇచ్చి రెండూ పోల్చు.

---

ఓంకార్ ఓసీ

పైన 4.6 అంటోంది, ఎఫెక్టివ్ 4.5 అంటోంది. సరదాకి -15 పెట్టి చూశాను, రెండూ దాదాపు ఒకటే అయ్యాయి. స్కోరు -30 కంటే 150 ఎక్కువ వచ్చింది. ఇదేం విడ్డూరం?

---

బయోస్ బాబాయ్

వోల్టేజ్ ఒక్కసారిగా జారినప్పుడు తప్పు చేయకుండా చిప్ తన క్లాక్‌ని ఆ క్షణానికి సాగదీస్తుంది. బోర్డు మీద 4.6 అని రాసి ఉంటుంది, కాళ్లు 4.5కి నడుస్తాయి. పడిపోకపోవడమూ బాగుండటమూ ఒకటి కాదు. ఏడాదిగా నీకు వేగం తక్కువే వచ్చింది, నీకు తెలియలేదు.

---

ఓంకార్ ఓసీ

సరే, ఒప్పుకున్నా. -15కి వచ్చేశా. మంచి కోర్లకి ఇంకా తగ్గిస్తా.

---

పెంట్‌హౌస్ ప్రణీత్

నాలుగు రాత్రులు పరీక్షించి, ఆ తర్వాత ఆరు రోజులు వాడి చూసి వచ్చాను.

కోర్ 3: -30కి నలభై సెకన్లలో పడింది. -20కి నాలుగు నిమిషాలు. -12కి మొదటి రెండు చుట్లూ బాగానే నడిచి, మూడో చుట్టులో తెల్లవారుజామున తప్పు చేసింది. చివరికి -8 దగ్గర నిలబడింది. కోర్ 5 -14. 0, 6 కోర్లు -30కి ఒక్కోసారి తప్పు చేశాయి, -24కి తెచ్చాను. మిగతా నాలుగూ -30 పాస్ అయ్యాయి, అయినా కాస్త వెనక్కి వచ్చి -28 పెట్టాను.

ఈ అంకెలతో, 105 వాట్లకి: 85 డిగ్రీలు, 5.07, స్కోరు 19,170. అన్నిటికీ -20 పెట్టినప్పటి కంటే కొంచెం మెరుగే. కోర్ 3కి అంత వెనక్కి వచ్చినా వేడిలో తేడా లేదు, బాబాయ్ చెప్పినట్టే. ఎఫెక్టివ్ క్లాక్ కూడా పక్కపక్కనే ఉంది. ఆరు రోజులుగా WHEA లేదు.

---

నల్లకుంట నరేష్

ఒక చిన్న సందేహం. పీపీటీ బదులు వేడి హద్దునే 85కి దించితే సరిపోదా? Platform Thermal Throttle Limit అని నా బయోస్‌లో ఉంది. నేను అదే వాడుతున్నాను.

---

బయోస్ బాబాయ్

సరిపోతుంది, కానీ గుణం వేరు. పీపీటీ పెడితే వేగం ఏడాది పొడవునా ఒకేలా ఉంటుంది, గదిని బట్టి వేడి మారుతుంది. వేడి హద్దు పెడితే వేడి కదలదు, వేగం మారుతుంది. అదే కూలర్‌తో జనవరిలో గది 26 ఉంటే 85 దాకా వెళ్లడానికి 125 వాట్లు దొరుకుతాయి, రోహిణి కార్తెలో గది 40 అయితే 95 వాట్లకే కట్టేస్తుంది. ఫ్యాన్ శబ్దం మారకూడదు అనుకునే వాళ్లకి నీ పద్ధతి మంచిది. కంపైల్ ఎంతసేపు పడుతుందో మారకూడదంటే పీపీటీ.

---

స్వాతి రెండర్స్

నాలుగు రాత్రులు పరీక్ష పెట్టి పది డిగ్రీలు. నేను ఎకో మోడ్‌లోనే ఉంటాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

అయితే ప్రణీత్ గారూ, బయోస్ అప్‌డేట్ చేస్తే ఈ అంకెలన్నీ పోతాయి. ముందే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. పాత ప్రొఫైల్‌ని కొత్త బయోస్‌లో లోడ్ చేయబోయి నేను ఒక పూట పోగొట్టుకున్నాను.

---

పెంట్‌హౌస్ ప్రణీత్

ఫొటో తీశాను అక్కా.

ఇంకో ప్రశ్న మిగిలింది. నిన్న చుట్టాలు రావడంతో సిస్టమ్‌ని ఏసీ గదిలోకి మార్చాను, అక్కడ 24 డిగ్రీలు. రాత్రి CoreCycler మళ్లీ పెడితే కోర్ 5, అదే -14 దగ్గర, రెండో చుట్టులో తప్పు చేసింది. హాల్లో 36లో నాలుగు రాత్రులు నిలబడింది చల్లటి గదిలో పడటం ఏమిటి?

---

బయోస్ బాబాయ్

చల్లగా ఉంటే బూస్ట్ ఒక మెట్టు పైకి వెళ్తుంది, ఆ పై మెట్టు దగ్గర నీ -14 చాలకపోయి ఉండొచ్చు. ఆ రాత్రి HWiNFO లాగ్‌లో కోర్ 5 గరిష్ఠ వేగం ఎంతో, హాల్లో ఎంత ఉండేదో రెండూ పెట్టు. 25 మెగాహెర్ట్జ్ తేడా ఉన్నా నా అనుమానానికి బలం వస్తుంది.

---

నల్లకుంట నరేష్

నాకైతే అది ఒట్టి యాదృచ్ఛికం అనిపిస్తోంది. -14 ముందు నుంచే అంచు మీద ఉంది, ఐదో రాత్రి హాల్లోనే పెట్టినా పడేదేమో. మళ్లీ హాల్లో పెట్టి చూడనిదే తేలదు.

---

పెంట్‌హౌస్ ప్రణీత్

లాగ్ తీసి పెట్టుకోలేదు బాబాయ్, ఆ విండో మూసేశాను. చుట్టాలు ఆదివారం వెళ్తారు. అప్పటిదాకా కోర్ 5కి -10 పెట్టి నడుపుతున్నాను. వాళ్లు వెళ్లాక -14తో హాల్లో రెండు రాత్రులు, ఏసీ గదిలో రెండు రాత్రులు పెట్టి, ఈసారి లాగ్‌తో వస్తాను.